తీర్చాల్సింది డబ్బు కాదు, షేరు

2008 అక్టోబరు 26, ఆదివారం. స్టాక్ మార్కెట్లకు సెలవు. ఆ రోజు జర్మనీ కార్ల కంపెనీ పోర్షా ఒక ప్రకటన చేసింది. ఫోక్స్‌వాగన్ సాధారణ షేర్లలో 42.6 శాతం తన చేతిలోనే ఉన్నాయనీ, మరో 31.5 శాతానికి సరిపడా ఆప్షన్లు కూడా కొనిపెట్టుకున్నాననీ చెప్పింది. రెండూ కలిపితే 74.1 శాతం. ఫోక్స్‌వాగన్‌లో లోయర్ శాక్సనీ రాష్ట్ర ప్రభుత్వానికి ఎప్పటి నుంచో 20 శాతానికి పైగా వాటా ఉంది, దాన్ని అమ్మే ఉద్దేశం ఆ ప్రభుత్వానికి లేదు. అంటే బజారులో దొరికే షేర్లు ఆరు శాతం కూడా లేవు.

అదే సమయంలో హెడ్జ్ ఫండ్లు పన్నెండు శాతానికి పైగా షేర్లను అరువు తెచ్చి అమ్మేసి ఉన్నాయి. వాటన్నిటినీ ఏదో ఒక రోజు తిరిగి కొని ఇచ్చేయాలి. ఉన్న షేర్లేమో అందులో సగం.

ఆ ఆదివారం రాత్రి ఫండ్ మేనేజర్లకు నిద్ర ఎందుకు పట్టి ఉండదో తెలియాలంటే, షార్ట్ సెల్లింగ్‌లో అప్పు ఎలాంటిదో ముందు చూడాలి.

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఒక రైతు పది క్వింటాళ్ల మిర్చి దాచుకున్నాడనుకుందాం. ధర పడిపోతుందని నమ్మిన పక్క ఊరి వ్యాపారి ఆ సరుకు బదులు అడిగి తీసుకుని, క్వింటాలు పదిహేను వేల చొప్పున అమ్మేశాడు. అతను రైతుకు బాకీ పడింది లక్షన్నర రూపాయలు కాదు, పది క్వింటాళ్ల మిర్చి. ధర పది వేలకు దిగితే లక్షకే కొని తిరిగిచ్చి, యాభై వేలు మిగుల్చుకుంటాడు. ధర నలభై వేలకు పోతే నాలుగు లక్షలు పెట్టి కొనాల్సిందే. ‘నేను అమ్మింది లక్షన్నరకే కదా’ అంటే రైతు ఒప్పుకోడు. షార్ట్ సెల్లింగ్ ప్రమాదమంతా ఇక్కడే ఉంది. అప్పు వస్తువులో, చేతికొచ్చింది డబ్బులో. ఆ వస్తువు ధరకు కింద సున్నా అనే నేల ఉంది, పైన కప్పు లేదు.

మరి షేర్లను బదులిచ్చేదెవరు? ఏళ్ల తరబడి అమ్మకుండా ఉంచుకునే పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీలు, ఇండెక్స్ ఫండ్లు. వాటి షేర్లు కస్టోడియన్ బ్యాంకుల్లో ఊరికే పడి ఉంటాయి. బ్రోకరు వాళ్ల దగ్గర వెతికి షేర్లు తెచ్చి షార్ట్ చేసేవాడికి ఇస్తాడు. అతను వాటిని మార్కెట్లో అమ్ముతాడు. వచ్చిన డబ్బు మాత్రం అతని జేబులోకి రాదు, హామీగా ఉండిపోతుంది. అమెరికాలో నూరు డాలర్ల షేరుకు మామూలుగా 102 డాలర్ల హామీ అడుగుతారు. షేరు ధర మారిన కొద్దీ ఆ లెక్కను ఏ రోజుకారోజు సరిచేస్తారు. ధర పెరిగితే అదే రోజు ఇంకాస్త డబ్బు కట్టాలి.

దానిపైన అరువు రుసుము ఉంటుంది. దండిగా దొరికే పెద్ద కంపెనీల షేర్లకు ఇది ఏడాదికి ఒక శాతంలోపే. దొరకడం కష్టమైన షేర్లకు పదులలో శాతాలు పలుకుతుంది. రుసుము వారం వారం ఎగబాకుతోందంటే అరువు షేర్లు అయిపోతున్నాయని అర్థం, షార్ట్ చేసినవాళ్లకు ఇంతకంటే ముందుగా అందే హెచ్చరిక అరుదు. మధ్యలో కంపెనీ డివిడెండ్ ఇస్తే ఆ మొత్తాన్ని కూడా షార్ట్ చేసినవాడే షేరు ఇచ్చినవాడికి చెల్లించాలి. అన్నిటికీ మించి, చాలా ఒప్పందాల్లో షేరు ఇచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి అడగొచ్చు. ఇంకెవరి దగ్గరా అరువు దొరక్కపోతే, ఆ రోజు ధర ఎంతున్నా కొని ఇవ్వాలి.

ఆరు శాతం దొరికేచోట పన్నెండు శాతం అమ్మకం ఎలా సాధ్యమన్న అనుమానం సహజమే. అరువు తెచ్చి అమ్మిన షేరును కొన్నవాడికి అది అరువు సరుకని తెలియదు. అతని బ్యాంకు దాన్నే మళ్లీ ఇంకొకరికి అరువివ్వగలదు. ఒకే షేరు మీద రెండు మూడు బాకీలు పేరుకుంటాయి. పోర్షా ఆప్షన్లు నగదుతో పరిష్కరించుకునే రకం కావడంతో వాటి సంగతి ముందుగా బయటపెట్టాల్సిన పని పడలేదు. దాంతో మార్కెట్లో ఇంకా చాలా షేర్లున్నాయనే అందరూ అనుకున్నారు.

సోమవారం మార్కెట్ తెరిచాక జరిగింది ఒక చిన్న ఖాతా లెక్కతో చూద్దాం. ఒకరు శుక్రవారం ముగింపు ధర, అంటే దాదాపు 210 యూరోల దగ్గర, వంద షేర్లు షార్ట్ చేశారనుకోండి. వచ్చింది 21,000 యూరోలు. సోమవారం షేరు 520 దగ్గర ముగిసింది. తిరిగి కొనాలంటే 52,000 కావాలి, నష్టం 31,000. మంగళవారం ఒక దశలో షేరు 1,005 యూరోలు తాకింది. అప్పుడు నష్టం 79,500. అదే శుక్రవారం వంద షేర్లు కొన్నవాడికి కంపెనీ పూర్తిగా దివాలా తీసినా పోయేది 21,000 మాత్రమే.

ఇంకో తేడా ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. కొన్న షేరు పడుతూ పోతే దాని బరువు కూడా ఖాతాలో తగ్గుతుంది, కాబట్టి ఓపిక పట్టొచ్చు. షార్ట్ ఎదురు తిరిగితే బాకీ బరువు రోజురోజుకూ పెరుగుతుంది. అదనపు హామీ కట్టలేనివాడి తరఫున బ్రోకరే కొనేస్తాడు. ఆ కొనుగోలు ధరను ఇంకా పైకి తోస్తుంది, దాంతో పక్కవాడికి ఫోన్ వస్తుంది. నష్టపోయినవాళ్లే కొనుగోలుదార్లుగా మారే ఈ తొక్కిసలాటనే షార్ట్ స్క్వీజ్ అంటారు. మంగళవారం కాసేపు ఫోక్స్‌వాగన్ ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీగా కనిపించింది. ఆర్థిక సంక్షోభంలో ప్రపంచమంతా కార్ల అమ్మకాలు పడిపోతున్న రోజులవి!

బుధవారం, ఐదు శాతం వరకు షేర్లు మార్కెట్లోకి వచ్చే వీలు కల్పిస్తామని పోర్షా చెప్పగానే ధర ఒక్క రోజులో 45 శాతం దాకా కూలింది. షేరు అతి ఖరీదుగా ఉందన్న హెడ్జ్ ఫండ్ల అంచనా తప్పేమీ కాదు. మంగళవారం కొనక తప్పనివాళ్లకు మాత్రం అది ఏ విధంగానూ పనికిరాలేదు.

మన దేశంలో షేర్లు అరువు తెచ్చుకునే పద్ధతి 2008 ఏప్రిల్ నుంచి ఎక్స్ఛేంజీల్లోనే ఉంది. క్లియరింగ్ కార్పొరేషన్ మధ్యలో నిలబడి రెండు వైపులా పూచీ పడుతుంది. అయినా వాడేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫోన్‌లో షార్ట్ కొట్టే చిన్న ట్రేడర్ అరువు జోలికే పోడు. పొద్దున అమ్మి, మార్కెట్ ముగిసేలోపు కొనేస్తానన్నదే అతని లెక్క. చిక్కల్లా షేరు మధ్యాహ్నం అప్పర్ సర్క్యూట్‌లో ఇరుక్కుంటే వస్తుంది. కొందామన్నా అమ్మేవాడు ఉండడు. రూ.100కు అమ్మిన షేరు రూ.110 దగ్గర ఆగిపోయిందనుకుందాం. మర్నాడు ఎక్స్ఛేంజీ ఆ షేర్లను వేలంలో కొని అసలు కొనుగోలుదారుకు అప్పగిస్తుంది, ఖర్చు షార్ట్ చేసినవాడిది. వేలంలోనూ దొరక్కపోతే, అమ్మిన రోజు నుంచి వేలం రోజు వరకు పలికిన గరిష్ఠ ధర, వేలం రోజు ముగింపు ధరకు 20 శాతం పైన, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. రెండో రోజూ షేరు సర్క్యూట్‌లోనే రూ.121 దగ్గర ముగిస్తే, షార్ట్ చేసినవాడి ఖాతాలోంచి షేరుకు రూ.145.20 చొప్పున పోతుంది.