కోల్డ్ స్టోరేజీలో మిర్చి: అద్దె ఒక్కటే ఖర్చు కాదు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డుకు మిర్చి వెల్లువెత్తుతుంది. ధర నచ్చని రైతు, ముందు ముందు పెరుగుతుందనుకునే వ్యాపారి సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఖర్చెంతని అడిగితే ఇద్దరూ టిక్కీకి ఇంత అని అద్దె చెబుతారు. నిల్వ ఖర్చులో అద్దె ఒక భాగం మాత్రమే.

ఒక లెక్క వేద్దాం. 40 కిలోల టిక్కీలు వంద, అంటే 40 క్వింటాళ్లు. క్వింటా 15,000 చొప్పున సరుకు విలువ 6 లక్షలు. ఎనిమిది నెలలు ఉంచుదామనుకున్నారు.

మొదటిది పెట్టుబడి ఖర్చు. నూటికి నెలకు రూపాయి వడ్డీ వేసినా ఎనిమిది నెలలకు 48,000. అప్పు చేయలేదు, సొంత డబ్బే అన్నా ఈ పద్దు రాయాల్సిందే. ఇవాళే అమ్మి ఉంటే ఆ ఆరు లక్షలతో పాత బాకీ తీరేది, లేదా ఇంకోచోట వడ్డీ వచ్చేది.

రెండోది అద్దె, హమాలీ. టిక్కీకి రెండూ కలిపి 220 అనుకుంటే 22,000. మూడోది బీమా, 2,000 అనుకుందాం. అగ్నిప్రమాదానికి తీసుకున్న పాలసీ రంగు వెలిసినా, ధర పడినా పరిహారం ఇవ్వదు.

నాలుగోది తరుగు. దీనికి బిల్లు రాదు కాబట్టే లెక్కలోంచి జారిపోతుంది. తేమ తగ్గితే తూకం తగ్గుతుంది. చల్లదనం రంగు పోవడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. సరిగా ఆరని కాయ లోపలికి వెళితే బూజు పడుతుంది. పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కొన్ని టిక్కీలు తూచి చూస్తే తూకం నష్టం తెలుస్తుంది. పాత సరుకుకు, అదే రకం కొత్త సరుకుకు యార్డులో పలికే ధరల తేడా చూస్తే రంగు నష్టం తెలుస్తుంది. రెండూ కలిపి 5 శాతం అనుకుంటే 30,000.

మొత్తం 1,02,000. సరుకు విలువతో భాగిస్తే 17 శాతం. ఎనిమిది నెలలకు ఇంతైతే, అదే లెక్కన ఏడాదికి సుమారు 25 శాతం. ఇందులో అద్దె, హమాలీ నాలుగు శాతం లోపే. క్వింటా ధర 15,000 నుంచి కనీసం 17,550 దాటితే గానీ దాచినందుకు ఫలితం ఉండదు.

ఈ శాతం అన్నివేళలా ఒకటే కాదు. అద్దె టిక్కీకి కడతాం, విలువకు కాదు. క్వింటా 10,000 ఉన్నప్పుడు అదే 22,000 సరుకు విలువలో అయిదున్నర శాతం అవుతుంది. అంటే చౌక సరుకును దాచడమే ఎక్కువ భారం. తాలు కాయలను మేలురకంతో కలిపి లోపల పెట్టేవారు ఈ లెక్క విడిగా వేసుకోవాలి.

ఏడాది పొడవునా సరుకు వచ్చిపోయే దుకాణంలోనూ పద్దులు ఇవే. ప్రతి నెలాఖరున ఉన్న నిల్వ విలువలు కూడి పన్నెండుతో భాగిస్తే సగటు నిల్వ వస్తుంది. ఏడాది ఖర్చును దానితో భాగిస్తే శాతం తేలుతుంది. సరుకున్నా లేకున్నా కట్టే దుకాణం అద్దెను మాత్రం ఇందులో కలపకూడదు. నిల్వ తగ్గిస్తే ఏ ఖర్చు తగ్గుతుందో అదే నిల్వ ఖర్చు.