‘జరగడం జరిగింది’ అంటే ఏం జరిగినట్టు?

బర్మామైన్స్‌లో తెలుగు చదివే పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతారు. మొన్న ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఇలా రాసుకొచ్చాడు:

“మా తరగతి విద్యార్థులచే మొక్కలు నాటే కార్యక్రమాన్ని నిర్వహించడం జరిగింది. మొక్కల ఎంపిక గురించి ప్రిన్సిపాల్‌గారితో చర్చలు జరపడం జరిగింది. రోజూ నీళ్లు పోయడం విషయంలో నిర్ణయం తీసుకోవడం జరిగింది.”

తప్పులేమీ లేవు. కానీ ఇరవై రెండు మాటల్లో పని చెప్పే క్రియ ఒక్కటీ నేరుగా లేదు. మూడు వాక్యాలూ ‘జరిగింది’తోనే ముగిశాయి. అసలు పనులన్నీ నామవాచకాలై పక్కన కూర్చున్నాయి. (నాకు వచ్చే ఉత్తర్వులూ అంతే. ‘మిమ్మల్ని బదిలీ చేయడమైనది’ అంటాయి. ఎవరు చేశారో ఉండదు.)

ఇద్దరం కూర్చుని దిద్దాం. ప్రతి వాక్యంలో ‘ఎవరు? ఏం చేశారు?’ అని అడిగాను.

“మా తరగతివాళ్లం మొక్కలు నాటాం. ఏవి నాటాలో ప్రిన్సిపాల్‌గారితో చర్చించాం. రోజూ నీళ్లు పోయాలని నిర్ణయించాం.”

మాటలు పన్నెండే. మూడో వాక్యం దగ్గర వాడు ఆగిపోయాడు. “మేడమ్, ఆదివారం ఎవరు పోస్తారో మేం అనుకోలేదు” అన్నాడు. ‘తీసుకోవడం జరిగింది’ అన్నంతసేపూ ఆ లోటు కనిపించలేదు.

ఈ అలవాటు కొంత ఆఫీసు తెలుగు నుంచి, కొంత హిందీ నుంచి వస్తుంది. హిందీలో ‘నిర్ణయ్’ అనే మాట తనంతట తాను క్రియ కాలేదు. దానికి ‘కర్‌నా’, ‘లేనా’ తోడు కావాలి. తెలుగులో ‘ఇంచు’ చేరిస్తే చాలు: నిర్ణయించు, చర్చించు, పరిశీలించు, సందర్శించు. అచ్చతెలుగు మాటలకు అదీ అక్కర్లేదు. ‘వంట చేసింది’ అనే చోట ‘వండింది’ ఉంది. ‘ఎంపిక చేసుకున్నాను’ అనే చోట ‘ఎంచుకున్నాను’ ఉంది.

అయితే ‘ఇంచు’ అన్నిటికీ అతకదు. ‘ఫిర్యాదించాడు’ అనొచ్చా అని ఒక అమ్మాయి అడిగింది. అనం. ఫిర్యాదు, తనిఖీ లాంటి మాటలకు ‘చేయు’ ఉండాల్సిందే. సంస్కృత పదమైనా ‘స్నానం చేశాడు’ అనే అంటాం. చుట్టాలతో ‘భోజనం చేయండి’ అన్నప్పుడు ఉన్న మర్యాద ‘తినండి’లో రాదు. అక్కడ మార్చకూడదు.

ఇంకోచోట కూడా జాగ్రత్తపడాలి. ‘మంచి నిర్ణయం తీసుకున్నావు’ అనే వాక్యాన్ని ‘మంచిగా నిర్ణయించావు’ అని మారిస్తే అర్థం జారిపోతుంది. మొదటిదాంట్లో మెచ్చుకున్నది నిర్ణయాన్ని, రెండోదాంట్లో నిర్ణయించిన తీరును. నామవాచకానికి ముందు విశేషణం ఉంటే దాన్ని అలాగే వదిలేయమని పిల్లలకు చెబుతాను.

ఆదివారం నీళ్ల సంగతి తేలింది. పాఠశాలకు దగ్గరగా ఉండే ఇద్దరు వంతులవారీగా పోస్తున్నారు.