ఏడో నంబరు బస్సు వాళ్లను పిలిచేటప్పుడు

స్కూలు వార్షికోత్సవంలో డ్రైవర్లకు, ఆయాలకు కృతజ్ఞత చెప్పే చోటు మామూలుగా చివర్లోనే ఉంటుంది. వందన సమర్పణలో మైకు వాళ్లకు, టెంటు వాళ్లకు తర్వాత ఒక వాక్యం. ఆ వేళకు వాళ్లు సభలో ఉండరు. పిల్లల్ని ఇళ్లకు చేర్చాలి కాబట్టి మైదానంలో బస్సులు తిప్పి పెట్టుకుంటూ ఉంటారు. అందుకే ఈ మాటలు మొదటి రెండు డాన్సుల తర్వాతే చెప్పాలి. ముందు వరసలో కుర్చీలు వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాలి.

చెప్పేది తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో అనర్గళంగా పొగిడితే చప్పట్లు తల్లిదండ్రులు కొడతారు, పొగిడించుకున్న మనిషి మాత్రం పక్కవాళ్ల ముఖం చూస్తాడు.

‘మీ సేవలు వెలకట్టలేనివి’ లాంటి మాట ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ అంటదు. వారం ముందు ప్రతి రూట్లో ఇద్దరు ముగ్గురు తల్లులను అడగండి: ‘మా బస్సులో ఆయమ్మ ఏం చేస్తుంది?’ జవాబుల్లోంచే ప్రసంగం వస్తుంది. ఉదాహరణకు ఇలా:

‘ఏడో నంబరు బస్సు డ్రైవరన్న, ఆయమ్మ వేదిక మీదకు రావాలి. అన్నా, వెనక కార్లు ఎంత హారన్ కొట్టినా చివరి పాప గేటు లోపలికి వెళ్లేదాకా నువ్వు బ్రేకు మీంచి కాలు తీయవని ఆ వీధివాళ్లు చెప్పారు. అమ్మా, బస్సు ఖాళీ అయ్యాక సీటు సీటూ వంగి చూస్తావట. ఒకరోజు వెనక సీట్లో నిద్రపోయిన యూకేజీ బాబు నీకు దొరికింది అలాగే. మా పిల్లల తరఫున మీ ఇద్దరికీ దండాలు.’

చదవడానికి నిమిషం కూడా పట్టదు. పిలిచేటప్పుడు మాత్రం ఇద్దరి పూర్తి పేర్లూ వాళ్లనే అడిగి రాసుకోవాలి. అన్నా, నువ్వు అనేది పిల్లలో తల్లులో చదివితే బాగుంటుంది. ప్రిన్సిపాల్ చదివితే ‘మీరు’ అనాలి. నిద్రపోయిన బాబు పేరు చెప్పకూడదు, క్లాసంతా ఏడిపిస్తారు. ‘ఏడాదంతా ఒక్క ప్రమాదం జరగలేదు’ అనే పొగడ్తా వద్దు. రేపు పొద్దున మళ్లీ స్టీరింగు పట్టే మనిషికి అది దిష్టి మాటలా తగులుతుంది.

ప్రమాదం ఊసెత్తకుండానే జాగ్రత్త గురించి చెప్పే దారి ఉంది. స్కూలు బస్సుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో గంటకు 40 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ గవర్నర్ ఉండాలని, డ్రైవర్‌కు భారీ వాహనాలు నడిపిన అనుభవం కనీసం ఐదేళ్లు ఉండాలని, డ్రైవర్ కాక తగిన మనిషి ఇంకొకరు బస్సులో ఉండాలని ఉంది. ఆ ఇంకొకరే మన ఆయమ్మ. ఆమెను డ్రైవర్ వెనకాల కాకుండా పక్కన నిలబెట్టి, శాలువా ఆమెకూ కప్పాలి.

ప్రసంగం కాగితాన్ని మడిచి వాళ్ల చేతికివ్వండి. ఇంటికెళ్లాక పిల్లలతో చదివించుకుంటారు. భోజనం పొట్లాలు మాత్రం ముందే బస్సుల దగ్గరికి పంపాలి, క్యూలో నిలబడే తీరిక ఆ రాత్రి వాళ్లకుండదు.