జీతాల సాఫ్ట్‌వేర్‌కు ముందు రాయాల్సిన కాగితం

2010 మార్చిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులు కొత్త జీతాల సాఫ్ట్‌వేర్‌కు మారాయి. సిబ్బంది దాదాపు 78 వేల మంది. మారిన తొలి రోజుల్లోనే కొందరికి జీతం తక్కువొచ్చింది, కొందరికి ఎక్కువ పడింది, కొందరికి అసలు రాలేదు. 62 లక్షల డాలర్ల లోపు ఒప్పందంతో మొదలైన ఈ పని, చివరికి ఆ రాష్ట్రానికి 120 కోట్ల డాలర్లు దాటే భారమవుతుందని లెక్క తేలింది.

ప్రోగ్రామర్లు కూర్చోకముందే రాసే ప్రాజెక్ట్ చార్టర్‌లోనే ఇలాంటి ప్రమాదాలు బయటపడాలి. రెండు మూడు పేజీల కాగితం అది. డబ్బుకు, నిర్ణయానికి బాధ్యుడైన పెద్ద అధికారి దానిమీద సంతకం పెడతాడు.

అందులో మొదటిది పరిధి. పాతబడిన వ్యవస్థ స్థానంలో, కనీస మార్పులతో, తాత్కాలికంగా ఒకటి పెట్టాలన్నది క్వీన్స్‌లాండ్ ఉద్దేశం. కానీ అక్కడి జీతాల్లో వేతన ఒప్పందాలు, షిఫ్టు భత్యాలు, నిబంధనలు కలిసి 24 వేలకు పైగా లెక్కల కలయికలున్నాయి. ‘కనీసం’ అంటే వీటిలో ఏవి? అది ముందే తేలలేదు. పని నడుస్తుండగానే మార్పుల కోరికలు వచ్చిపడ్డాయి. అందుకే చార్టర్‌లో ‘ఇందులో ఉండనివి’ అనే పేరా, ఉండేవాటి పేరాకంటే విలువైనది. ‘రాత్రి షిఫ్టు భత్యం ఉంటుంది, పాత బకాయిల లెక్క ఉండదు’ అని పేరుపేరునా రాయాలి.

రెండోది, ఎవరి మాట చెల్లుతుందన్నది. అక్కడ సాఫ్ట్‌వేర్ కొన్నది ప్రభుత్వంలోని ఒక విభాగం, వాడాల్సింది ఆరోగ్యశాఖ, కట్టింది ఐబీఎం. తమకేం కావాలో జీతాల గుమాస్తాలు చెప్పే దారి, దాన్ని ఒప్పుకునే ఒక్క అధికారి, ఈ రెండూ స్పష్టంగా లేకపోతే ప్రతి లోపమూ ‘మాది కాదు’ అయిపోతుంది.

మైలురాళ్లంటే తేదీలొక్కటే కావు, గుమ్మాలు కూడా. ‘ఏప్రిల్ 1న ప్రారంభం’ అని రాస్తే చాలదు. ‘పాత, కొత్త వ్యవస్థల్లో వరుసగా రెండు నెలల జీతాలు వేసి, రెండింటి లెక్కా సరిపోలితేనే ప్రారంభం’ అని రాయాలి. క్వీన్స్‌లాండ్‌లో అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. పరీక్షల్లో లోపాలు మిగిలే ఉన్నాయి. వాటిని సరిచేయకుండా, పరీక్ష గట్టెక్కే షరతులనే సడలించారు.

గెలుపు కొలతను ముందే రాసి సంతకం చేయించేది దీనికోసమే. ‘సిబ్బంది సంతృప్తి’ కొలత కాదు. ‘మొదటి నెల జీతం రానివారు సున్నా, తప్పుపడ్డవారు వెయ్యికి ఇద్దరికి మించరాదు, లెక్క చూసేది జీతాల విభాగం’ అన్నది కొలత. ఆ అంకె మారాలంటే మళ్లీ అదే అధికారి సంతకం కావాలి.

మీ ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందంటే, దాని చార్టర్ అడిగి చూడండి. అందులో ‘ఉండనివి’ అన్న పేరా, ప్రారంభాన్ని ఆపగల అధికారి పేరు లేకపోతే, తేదీ ఖరారు కాకముందే ఆ రెండూ రాయించండి.