‘జాగ్రత్త’ అంటే దీవెనా, బెదిరింపా?

అమెరికాలో కొడుకు ఇంటికి వెళ్ళిన తల్లి, పక్కింటావిడ ఎదురుపడగానే ‘తిన్నారా?’ అనే మాటనే ఇంగ్లీషులో పెట్టి, ‘డిడ్ యూ ఈట్?’ అని పలకరించిందనుకోండి. మన దగ్గరైతే ‘ఆఁ, అయింది, మీరో?’ అనేసి ముందుకు సాగిపోతారు. అక్కడి ఆవిడ మాత్రం ఆగి ఆలోచనలో పడుతుంది. భోజనానికి పిలుస్తున్నారా, లేక తాను నీరసంగా కనిపిస్తోందా?

పలకరింపు ప్రశ్నలా ఉన్నా నిజానికి ప్రశ్న కాదు. విషయం తెలుసుకోవడానికి కాకుండా, మనుషుల మధ్య మాట తెగిపోకుండా ఉండడానికి వాడే ఇలాంటి మాటల గురించి మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1923లోనే రాశాడు. అటు ‘హౌ ఆర్ యూ?’ కూడా ఈ కోవలోదే. దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి అలా అడిగితే ‘ఫైన్’ అంటే సరిపోతుంది. దాన్ని ‘ఒంట్లో ఎలా ఉంది?’గా వినే మన పెద్దాయన మోకాళ్ళ నొప్పి నుంచి మొదలుపెడితే, వెనక వరస కదలదు.

సెలవు తీసుకునేటప్పుడు చిక్కు ఇంకా ఎక్కువ. ‘పోతాను’ అంటే చావు స్ఫురిస్తుందని చాలా ఇళ్ళలో ‘వెళ్ళొస్తాను’ అంటారు, తెలంగాణలో ‘పోయొస్తా’ అంటారు. ఆ ‘వస్తా’ శుభం కోసం పలికేది. దాన్ని ‘ఐ విల్ గో అండ్ కమ్’ చేస్తే, కాసేపట్లో తిరిగొస్తారనుకుని అవతలివాళ్ళు తలుపు తీసే ఉంచుతారు. అక్కడ ‘బై’ చాలు.

ఇటు వచ్చే మాటలూ అంతే. ‘సీ యూ లేటర్’ను ‘తర్వాత చూస్తా’ అంటే, ‘నీ సంగతి తర్వాత చూస్తా’ అన్నట్టే వినిపిస్తుంది. ‘మళ్ళీ కలుద్దాం’ అంటే సరి. ‘టేక్ కేర్’కు ఒట్టి ‘జాగ్రత్త!’ అని రాస్తే, వేలు చూపించి హెచ్చరించినట్టుంటుంది. దాని పక్కన ఇంకో మాట చేర్చి ‘ఆరోగ్యం జాగ్రత్త’, ‘జాగ్రత్తగా వెళ్ళిరండి’ అనండి, అదే మాట ఆప్యాయంగా మారిపోతుంది.

అందుకే సినిమాలకు డబ్బింగ్ మాటలు రాసేవారైనా, కథలు అనువదించేవారైనా పలకరింపు దగ్గర ముందు దాని జవాబును చూసుకోవాలి. మూలంలో ఆ పలకరింపుకు ఎలాంటి జవాబు వస్తుందో, తెలుగులోనూ అలాంటి జవాబే రావాలి. రాకపోతే ఒక్కో పదం సరిగ్గానే ఉన్నా మాట తప్పినట్టే.

‘శుభోదయం’లో వ్యాకరణ దోషం ఏమీ లేదు, సభావేదిక మీద చక్కగా అమరుతుంది. కాని పొద్దున్నే వసారాలో కూర్చున్న మామయ్యతో ఆ మాట అని చూడండి, ‘ఏంట్రా, నాటకంలో వేషం ఏమైనా కట్టావా?’ అంటాడు. ఇంట్లో మాట ‘లేచారా మామయ్యా, కాఫీ అయిందా?’ అనే ఉంటుంది. ఇంగ్లీషు సినిమాలో ‘గుడ్ మార్నింగ్, అంకుల్’ అన్న కుర్రాడి చేత తెలుగులో పలికించాల్సిందీ అదే.