బకాయికీ వయసుంటుంది

నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గర ఒక నోటుపుస్తకం ఉందనుకుందాం. డబ్బు చేతికొచ్చిన రోజు తేదీ వేసి, ఎవరు ఎంత ఇచ్చారో రాసుకుంటుంది. వచ్చిన డబ్బంతా అందులో ఉంటుంది. రాని డబ్బు మాత్రం ఎక్కడా ఉండదు, కట్టని నెలకు అసలు వరసే పడదు కాబట్టి. అద్దె లెక్క సరిగా ఉండాలంటే ముందు ఈ లోటు తీరాలి.

అందుకు కంప్యూటర్‌లో రెండు షీట్లు చాలు. మొదటిది Rent. ప్రతి నెలా గడువు తేదీ రాగానే, డబ్బు వచ్చినా రాకపోయినా, ప్రతి పోర్షన్‌కూ ఒక వరస రాయాలి: పోర్షన్, గడువు తేదీ, అద్దె. రెండోది Receipts. డబ్బు వచ్చిన తేదీ, పోర్షన్, ఆ డబ్బు ఏ గడువుకు చెందిందో ఆ తేదీ, మొత్తం. ఇందులోని మూడో గడి చిన్నదిగా కనిపిస్తుంది కానీ లెక్కంతా దానిమీదే నిలబడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కింది పోర్షన్‌కీ పై పోర్షన్‌కీ అద్దె 8,000 రూపాయలే. గడువు ప్రతి నెలా 5వ తేదీ. 2025 సెప్టెంబర్ 30న చూస్తే ఇద్దరూ 12,000 చొప్పున బాకీ. కిందివాళ్లు జులై దాకా సక్రమంగా కట్టారు. ఆగస్టుకు సగమే ఇచ్చారు, సెప్టెంబర్‌ది ఇవ్వలేదు. పైవాళ్లు మేలో ఏమీ ఇవ్వలేదు, జూన్‌కు సగం ఇచ్చారు. ఆ తర్వాత మూడు నెలలూ ఏ నెలది ఆ నెలే అని చెప్పి మొత్తం కట్టారు.

ఇప్పుడు బకాయిని వయసునుబట్టి నాలుగు అరల్లో సర్దుదాం: 30 రోజుల్లోపు, 31–60, 61–90, 90 దాటినవి. కిందివాళ్లవి 8,000 మొదటి అరలో, 4,000 రెండో అరలో పడతాయి. పైవాళ్ల మే బాకీకి 148 రోజులు, జూన్ బాకీకి 117 రోజులు. 12,000 మొత్తం చివరి అరలోకే వెళ్తుంది. నోటుపుస్తకంలో మూడు నెలలుగా సక్రమంగా కనిపిస్తున్నవాళ్లదే పాత బాకీ.

వచ్చిన డబ్బును ఎప్పుడూ పాత బాకీకే జమ వేసుకుంటూ పోతే ఏమవుతుంది? పైవాళ్లు కట్టిన సొమ్ము మే, జూన్ బాకీలను మింగేసి, ఆగస్టులో 4,000, సెప్టెంబర్‌లో 8,000 మిగులుతుంది. అంటే అచ్చం కిందివాళ్ల లెక్కే. జమ పద్ధతి మారితే బకాయి వయసే మారిపోతుంది.

దీనికి మన కాంట్రాక్టు చట్టం 1872లోనే దారి చూపింది. ఇచ్చేవారు ఇది ఫలానా నెలకని చెప్పి ఇస్తే, తీసుకున్నవారు దానికే జమ వేయాలి (59వ సెక్షన్). ఏమీ చెప్పకుండా, సందర్భాన్నిబట్టి కూడా తెలియకుండా ఇస్తే, ఏ బాకీకి వేయాలో తీసుకున్నవారి ఇష్టం (60వ సెక్షన్). ఇద్దరూ ఏదీ తేల్చకపోతే పాతదానికే ముందు (61వ సెక్షన్). యూపీఐలో "సెప్టెంబర్ అద్దె" అని రాసి పంపితే చెప్పి ఇచ్చినట్టే. ఒకే చెల్లింపు రెండు నెలలకు పంచాల్సివస్తే Receipts‌లో రెండు వరసలుగా రాయాలి.

ఇక సూత్రాలు. లెక్క చూసే తేదీని K1 గడిలో వేయాలి. బాకీ D గడిలో, రోజులు E గడిలో, మొదటి రెండు అరలు F, G గడుల్లో వస్తాయి:

```
D2: =C2-SUMIFS(Receipts!D:D,Receipts!B:B,A2,
    Receipts!C:C,B2,Receipts!A:A,"<="&$K$1)
E2: =$K$1-B2
F2: =IF(E2<=30,D2,0)
G2: =IF(AND(E2>30,E2<=60),D2,0)
```

మిగతా రెండు అరలూ ఇదే తీరు. చివర ఒక సరిచూపు తప్పదు. ఆ తేదీదాకా రావాల్సిన అద్దెలోంచి వచ్చిన డబ్బు తీసేస్తే, నాలుగు అరల మొత్తంతో సరిపోవాలి. సరిపోలేదంటే ఏదో చెల్లింపుకు వరస దొరకలేదన్నమాట. పోర్షన్ పేరో గడువు తేదీో రెండు షీట్లలో తేడాగా పడి ఉంటుంది. తేదీ గడిలో ఎడమవైపుకు అతుక్కుని కనిపిస్తే, కంప్యూటర్ దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుందేమో చూడాలి. అడ్వాన్సును మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. కలిపితే బాకీ తీరకుండానే తీరినట్టు కనిపిస్తుంది.

చివరి అరను అంతగా పట్టించుకోవడానికి మరో కారణముంది. లిమిటేషన్ చట్టం ప్రకారం అద్దె బాకీకి దావా వేసే గడువు, అది చెల్లించాల్సిన రోజునుంచి మూడేళ్లు. ఆ లోపు బాకీ ఉన్నామని అద్దెవాళ్లు రాసి సంతకం పెడితే, అక్కణ్నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. కిందివాళ్లకు ఒక ఫోన్ చేసి గుర్తు చేస్తే చాలు. పైవాళ్లతో మాత్రం కూర్చుని మాట్లాడాలి: మే నెలది 8,000, జూన్‌ది 4,000 బాకీ, నెలకింత చొప్పున తీరుస్తామని ఒక కాగితం మీద రాయించుకోవాలి. ఆ కాగితంలో ఏ నెల బాకీ ఎంతో రాయగలిగేది Receipts‌లో మూడో గడి నింపినవాళ్లే.