గిగాబిట్ పోర్టు వంద దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

ఇంట్లో ఫైబర్ కనెక్షన్‌ను 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మార్చుకున్నారు. అయినా మేడ మీది కంప్యూటర్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 94 చూపిస్తోంది. పొద్దున చేసినా 94, అర్ధరాత్రి చేసినా 94. బయటి లైనులోనే రద్దీ ఉంటే ఆ అంకె ఒకసారి 60కి పడిపోయి మరోసారి 200కు లేస్తూ ఉంటుంది. ఇలా ఒకేచోట నిలకడగా ఉండదు. 94కు ఒక లెక్క ఉంది. సెకనుకు 100 మెగాబిట్లు మోసే లాన్ లింకులో ప్రతి ప్యాకెట్‌కూ చిరునామాలు, తనిఖీ బిట్లు, ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య ఎడం పోను మన డేటాకు మిగిలేది దాదాపు అంతే. కాబట్టి ఈ అంకె కనిపించినప్పుడు ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయకముందే ఇంట్లోని తీగను చూడాలి. రెండు వైపులా గిగాబిట్ పోర్టులే ఉన్నా ఆ రెండూ కలిసి వందకే ఒప్పుకున్నాయన్నమాట.

అలా ఎందుకు ఒప్పుకున్నాయో తెలియాలంటే లాన్ కేబుల్ లోపల ఏముందో చూడాలి. పైతొడుగు ఒలిస్తే ఎనిమిది సన్న తీగలు రెండేసి చొప్పున మెలి తిరిగి నాలుగు జతలుగా ఉంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు జతలవి. 1995లో ప్రమాణంగా వచ్చిన 100 మెగాబిట్ ఈథర్నెట్ వీటిలో రెండు జతలనే వాడుకుంటుంది, ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. కనెక్టర్‌లో 1, 2, 3, 6 స్థానాల్లో ఉండే నారింజ, ఆకుపచ్చ జతలే అవి. నీలం, గోధుమ జతలకు అందులో పనే లేదు. 1999లో వచ్చిన గిగాబిట్ ప్రమాణం నాలుగు జతలనూ వాడుతుంది. ఒక్కో జత 250 మెగాబిట్లు మోస్తుంది, అదీ రెండు దిక్కులా ఒకేసారి. మరి ఒక జత చెడితే వేగం 750కి తగ్గి ఊరుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఒక కోడు విరిగిన మంచం మూడు కోళ్ల మీద నిలబడదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ ఉండాలి, లేకపోతే గిగాబిట్టే లేదు.

అసలు చిక్కు దీని తర్వాతే ఉంది. కేబుల్ తగిలించగానే రెండు పోర్టులూ చిన్న చిన్న విద్యుత్ స్పందనలతో మాట్లాడుకుంటాయి. నేను 10 చేయగలను, 100 చేయగలను, 1000 చేయగలను అని ఒకదానికొకటి చెప్పుకుని, ఇద్దరికీ చేతనైన వాటిలో పెద్దదాన్ని ఎంచుకుంటాయి. దీన్నే ఆటో నెగోషియేషన్ అంటారు. ఈ సంభాషణ మొత్తం నారింజ, ఆకుపచ్చ జతల మీదే నడుస్తుంది. నీలం జత తెగిపోయి ఉన్నా ఆ సంగతి ఇక్కడ బయటపడదు. ఇద్దరూ నిక్షేపంగా 1000కి ఒప్పుకుంటారు. తీరా నాలుగు జతల మీదా సంకేతాలు సరిచూసుకునే దశకు వచ్చేసరికి లింకు నిలవదు. మళ్లీ మాట్లాడుకుంటారు, మళ్లీ 1000కే ఒప్పుకుంటారు, మళ్లీ విఫలమవుతారు. ఇలా కొన్ని ప్రయత్నాలయ్యాక చాలా చిప్‌లు గిగాబిట్‌ను వదిలేసి వందకు దిగుతాయి. ఈ ఏర్పాటును డౌన్‌షిఫ్ట్ అంటారు. కేబుల్ పెట్టిన వెంటనే లైటు వెలగకుండా కొన్ని సెకన్లు తటపటాయించి ఆ తర్వాత లింకు వచ్చిందంటే, లోపల జరిగింది చాలావరకు ఇదే. ఈ ఏర్పాటు లేని పరికరాల్లో అసలు లింకే రాదు. ఆ రకంగా వందలోనైనా పని సాగుతున్నందుకు సంతోషించాలి గానీ, నాకు దీని మీద ఒక ఫిర్యాదు ఉంది. తీగ చెడిందన్న మాటను మామూలు వాడుకరికి ఎవరూ చెప్పరు. ఏళ్ల తరబడి వందలోనే నడుస్తున్నా తెలియని ఇళ్లు, ఆఫీసులు ఎన్నో ఉంటాయి.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క ఆదేశం ఇస్తే చాలు:

```
Get-NetAdapter | Select Name, LinkSpeed
```

`1 Gbps` అని వస్తే లింకు బాగున్నట్టు. `100 Mbps` అని వస్తే వెతకడం మొదలుపెట్టాలి. లినక్స్ ఇంకాస్త లోతుగా చెబుతుంది. `ethtool eth0` అని కొడితే (`eth0` చోట మీ పోర్టు పేరు ఇవ్వాలి) చాలా కార్డుల్లో ఎదుటి పోర్టు ఏమేం చేయగలనని చెప్పిందో కూడా కనిపిస్తుంది. `Link partner advertised link modes` కింద `1000baseT/Full` ఉండి, మన కార్డు కూడా అదే చెబుతూ, `Speed` దగ్గర మాత్రం `100Mb/s` ఉంటే దోషం దాదాపు ఎప్పుడూ తీగదే. ఇద్దరూ చేయగలమన్నారు, కానీ చేయలేకపోయారు. అయితే దీన్ని తిరగేసి చదవకూడదు. ఆ జాబితాలో 1000 లేనంత మాత్రాన తీగ మంచిదని కాదు. ఎదుటి పోర్టు ప్రయత్నించి విఫలమై, తన జాబితాలోంచి తానే గిగాబిట్‌ను తీసేసి ఉండవచ్చు.

ఈ మధ్య మా బంధువుల ఇంట్లో వచ్చిన ఇబ్బంది అచ్చం ఇలాంటిదే. ఫైబర్ పెట్టె కింద హాల్లో ఉంది. అక్కణ్ణుంచి గోడలోని పైపు గుండా కేబుల్ పై గదిలోని సాకెట్‌కు వెళ్తుంది. సాకెట్ నుంచి చిన్న ప్యాచ్ కార్డ్ కంప్యూటర్‌లోకి వస్తుంది. కంప్యూటర్‌లో లింకు వందే. ముందు గిగాబిట్ పోర్టున్న ఒక ల్యాప్‌టాప్‌ను కొత్త ప్యాచ్ కార్డ్‌తో నేరుగా ఫైబర్ పెట్టెకు తగిలించాం, గోడలోని కేబుల్ ఉన్న పోర్టులోనే. 1 జీబీపీఎస్ వచ్చింది. అంటే పెట్టె పోర్టు, ల్యాప్‌టాప్, ప్యాచ్ కార్డ్ మూడూ మంచివే. అదే ల్యాప్‌టాప్‌ను, అదే కార్డ్‌తో పై గది సాకెట్‌కు పెడితే 100 వచ్చింది. ఇక మిగిలింది గోడలోని కేబుల్, దాని రెండు చివరలు. ఒకేసారి అన్నీ మార్చకుండా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే దోషం ఎక్కడుందో దానంతటదే తేలుతుంది.

అసలు లింకు వందలోనైనా వచ్చిందంటేనే నారింజ, ఆకుపచ్చ జతలు పని చేస్తున్నట్టు. అనుమానించాల్సింది ముందుగా నీలం, గోధుమ జతలను. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే రెండు ముక్కల టెస్టర్‌ను చెరో చివర పెట్టాం. 1 నుంచి 7 దాకా లైట్లు వరుసగా వెలిగాయి, 8 వెలగలేదు. అది గోధుమ తీగ. కింది కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి చూస్తే గోధుమ తీగ కొస చివరిదాకా చేరనేలేదు, బంగారు రంగు రేకుకు కాస్త ఇవతలే ఆగిపోయింది. కనెక్టర్ బిగించేటప్పుడు తీగలన్నిటినీ ఒకే పొడవుకు కత్తిరించకపోవడం వల్ల జరిగిన పని ఇది. ఆ కనెక్టర్ కోసేసి కొత్తది బిగించగానే కంప్యూటర్‌లో లింకు 1 జీబీపీఎస్ అయింది, స్పీడ్ టెస్ట్ ప్లాన్‌లో ఉన్న 300 దగ్గరకు చేరింది. అయిన ఖర్చు ఒక కనెక్టర్.

ఈ టెస్టర్‌ను మరీ నమ్మకూడదని కూడా చెప్పాలి. తీగ ఈ కొస నుంచి ఆ కొసకు చేరిందా లేదా అన్నది మాత్రమే అది చూస్తుంది. కొందరు పనివాళ్లు రంగులు వరసగా పేర్చేస్తారు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు నీలం, నీలం, ఇలా. రెండు చివర్లా అదే వరస పెడితే టెస్టర్ ఎనిమిది లైట్లూ వెలిగిస్తుంది. కానీ ప్రమాణం ప్రకారం ఆకుపచ్చ జత 3, 6 స్థానాల్లో ఉండాలి, మధ్యలోని 4, 5 నీలం జతవి. వరసగా పేర్చినప్పుడు 3లో తెలుపు ఆకుపచ్చ, 6లో నీలం పడతాయి. ఒక సంకేతం మోయాల్సిన రెండు తీగలు రెండు వేర్వేరు మెలికల్లోకి పోతాయి. మెలిక ఉన్నదే పక్క జతల సంకేతం ఇందులోకి చొరబడకుండా ఆపడానికి. ఆ రక్షణ పోతే కొద్ది దూరంలో వంద నడుస్తుందేమో గానీ గిగాబిట్ నిలవదు, నిలిచినా తప్పులు దొర్లుతుంటాయి. కనెక్టర్ దగ్గర మెలికను మరీ పొడవునా విప్పేసినా నష్టమే. క్యాట్ 5ఈ కేబుల్‌కు ఆ విప్పు 13 మిల్లీమీటర్లు దాటకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగతో చేసిన చవక కేబుళ్లు మరో తలనొప్పి. ఆ తీగ పెళుసు, నాలుగుసార్లు వంచితే లోపలే తెగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు.

తీగ అంతా బాగుండి కూడా వందే వస్తోందంటే సెట్టింగులు చూడాలి. ఆటో నెగోషియేషన్ వచ్చిన తొలి రోజుల్లో వేర్వేరు కంపెనీల పరికరాలకు సరిగా పొసిగేది కాదు. అందుకని నెట్‌వర్క్ నిర్వాహకులు రెండు వైపులా 100 ఫుల్ డూప్లెక్స్ అని చేత్తో బిగించేసేవారు. అప్పటికి అది సబబే. ఆ అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఇప్పటికీ మిగిలే ఉంది. ఒక వైపు అలా బిగించి, రెండో వైపు ఆటోలో వదిలేస్తే వేగం పడిపోవడం ఒక్కటే కాదు, అంతకన్నా పెద్ద హాని ఉంది. బిగించిన పోర్టు సంభాషణలోకే రాదు. ఆటోలో ఉన్న పోర్టు ఎదుటి సంకేతాన్ని చూసి వేగం 100 అని పోల్చుకుంటుంది గానీ, రెండు దిక్కులా ఒకేసారి మాట్లాడవచ్చో లేదో తెలియక హాఫ్ డూప్లెక్స్‌కు దిగుతుంది. ఒకటి వింటూ మాట్లాడుతుంది, రెండోది ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు ఆగుతుంది. పింగ్ చక్కగా వస్తుంది, పెద్ద ఫైలు కాపీ చేస్తే మాత్రం ప్రాణం పోతుంది. `ethtool`లో `Duplex: Half` కనిపిస్తే వెతకాల్సింది ఈ బిగింపునే.

విండోస్‌లో డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్‌లోని `Advanced` పేజీలో `Speed & Duplex` అన్నచోట `Auto Negotiation` ఉండాలి. లినక్స్‌లో ఇలా:

```
sudo ethtool -s eth0 autoneg on
```

వంద వస్తోంది కదా అని అక్కడే `1.0 Gbps Full Duplex` ఎంచుకుంటే బాగుపడుతుందని చాలామంది ఆశ. బాగుపడదు. రాగి తీగ మీది గిగాబిట్‌కు ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. రెండు పోర్టుల్లో ఎవరి గడియారాన్ని ఎవరు అనుసరించాలో తేలేది అందులోనే. తెగిన జతను ఏ సెట్టింగూ అతకలేదు. ఉన్న వందను కూడా పోగొట్టుకుని లింకే లేకుండా కూర్చోవలసి వస్తుంది.

ఇంకొన్నిసార్లు అసలు దోషమే ఉండదు. చవక ఫైబర్ పెట్టెల్లో కొన్నిటికి ఒక పోర్టు గిగాబిట్, మరొకటి వంద. కేబుల్ రెండోదాంట్లో ఉందేమో చూసుకోవాలి. చాలా స్మార్ట్ టీవీల లాన్ పోర్టు వందదే, దాని కోసం గోడలు తవ్వాల్సిన పని లేదు. ఒకే కేబుల్‌ను రెండు పరికరాలకు పంచే చిన్న స్ప్లిటర్ పెట్టి ఉంటే చెరో రెండు జతలే దక్కుతాయి, అక్కడ వందకు మించి రాదు. అలాంటిచోట స్ప్లిటర్ తీసేసి చిన్న గిగాబిట్ స్విచ్ పెట్టుకోవాలి.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారికి ఒక మాట. గోడలకు లప్పం పూయకముందే ప్రతి సాకెట్‌లోనూ ఎనిమిది తీగలూ ప్రమాణం వరసలో బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. ఆయన టెస్టర్ లైట్లు చూపించి వెళ్లిపోబోతే ఆపి, గిగాబిట్ పోర్టున్న ల్యాప్‌టాప్‌ను ఒక్కో సాకెట్‌కూ తగిలించి, లింకు 1 జీబీపీఎస్ అని కళ్లారా చూశాకే డబ్బులివ్వండి.